అచ్చుకు ముందు తొలి పఠనం

1926 జూన్. ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని జువాన్-లె-పాన్ అనే ఊళ్ళో ఎర్నెస్ట్ హెమింగ్వే తన కొత్త నవల టైపు ప్రతిని స్నేహితుడు స్కాట్ ఫిట్జ్‌జెరాల్డ్ చేతిలో పెట్టాడు. నవల పేరు ‘ది సన్ ఆల్సో రైజెస్’. అప్పటికే ఒక ప్రతి న్యూయార్కులోని స్క్రిబ్నర్స్ ప్రచురణ సంస్థకు చేరింది. ఇక ప్రూఫులు దిద్దడమే మిగిలింది. ఫిట్జ్‌జెరాల్డ్ చదివి ఊరుకోలేదు, పది పేజీల ఉత్తరం రాశాడు. మొదటి పేజీ నుంచి ఇరవైతొమ్మిదో పేజీ దాకా కథ నడవడం లేదని, రచయిత పైనుంచి చూస్తూ ఎత్తిపొడుస్తున్నట్టుందని, అలాంటి చోట్లు ఇరవైనాలుగు దాకా తనకు తగిలాయని చెప్పాడు. అసలు నవల ఇరవైతొమ్మిదో పేజీ దగ్గర మొదలవుతోందన్నాడు. ఆ ఆరంభం ఏడున్నర వేల మాటలుంది, అయిదు వేలకు తగ్గించవచ్చని సలహా కూడా ఇచ్చాడు.

హెమింగ్వే ఆ సలహా పాటించలేదు. అంతకంటే పెద్ద పని చేశాడు. మొదటి పదిహేను పేజీలనూ పూర్తిగా ఎత్తేసి పదహారో పేజీ నుంచి నవల మొదలుపెడతానని తన సంపాదకుడు మాక్స్‌వెల్ పెర్కిన్స్‌కు రాశాడు. ఆ పేజీల్లో ఉన్నదంతా తర్వాత ఎలాగూ కథలో వస్తోందన్నాడు. ఆ అక్టోబరులో వెలువడిన పుస్తకం రాబర్ట్ కోన్ అనే పాత్ర పరిచయంతో మొదలవుతుంది. ఇప్పటికీ అందరూ చదువుతున్నది ఆ రూపమే.

పుస్తకం అచ్చుకు వెళ్ళేముందు రచయిత కోసం చదివిపెట్టే పాఠకులను ఇవాళ బీటా రీడర్లు అంటున్నారు. సాఫ్ట్‌వేర్‌ను బయటికి వదలకముందు కొందరు వాడి చూసే పద్ధతి నుంచి వచ్చిన పేరిది. వీరు సంపాదకులు కారు, ప్రూఫ్‌రీడర్లూ కారు, విమర్శకులు అసలే కారు. రేపు పుస్తకం కొనుక్కునే మనిషికి ఏమవుతుందో ఇవాళే రచయితకు చెప్పగలవారు. ఫిట్జ్‌జెరాల్డ్ ఉత్తరంలో రెండు రకాల మాటలున్నాయి. నవల తనకు ఎక్కడ అడ్డం తిరిగిందో, ఎక్కడ కదిలిందో చెప్పినవి ఒక రకం. దాన్ని ఎలా బాగుచేయాలో చెప్పినవి మరో రకం. మొదటి రకం మాటలు హెమింగ్వేకు పనికొచ్చాయి. రెండో రకాన్ని పక్కనపెట్టి తన దారి తాను వెతుక్కున్నాడు. బీటా రీడరు పని ఏమిటో, ఏది కాదో తెలుసుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఇంగ్లిష్ రచయిత నీల్ గేమన్ 2010లో గార్డియన్ పత్రికకు రాసిన సూచనల్లోనూ ఇదే ఉంది. ఏదో సరిగా లేదని పాఠకులు అంటే దాదాపు ప్రతిసారీ వాళ్ళ మాట నిజమవుతుందని, ఏది తప్పో దాన్నెలా దిద్దాలో చెబితే మాత్రం దాదాపు ప్రతిసారీ పొరబడతారని ఆయన అనుభవం. ఆయన మాటను పాఠకుల మీద చిన్నచూపుగా తీసుకోనక్కర్లేదు. నొప్పి ఎక్కడుందో రోగికి తెలిసినంతగా వైద్యుడికి తెలియదు, మందు మాత్రం వైద్యుడే రాయాలి.

ఈ పనిలో అన్నిటికంటే విలువైనది మొదటి పఠనమే. ఎందుకంటే అది మళ్ళీ రాదు. నూరో పేజీలో తెలిసే రహస్యాన్ని ఎరిగిన మనిషి పదో పేజీని ఎరగనట్టు చదవలేడు. రచయితకైతే ఆ అవకాశం రాయడం మొదలుపెట్టిన రోజే పోయింది. ఆయనకు తన పాత్రల ముఖాలు, ఇళ్ళు, బంధుత్వాలు అన్నీ తెలుసు. కాగితం మీద పెట్టినదేదో, తన తలలోనే ఉండిపోయినదేదో విడదీసి చూడలేడు. అందుకే బీటా రీడరు తన తొలి పఠనాన్ని పదిలంగా ఖర్చుపెట్టాలి.

పదిలపరచడం చదవకముందే మొదలవుతుంది. రాతప్రతి ఇచ్చేటప్పుడు చాలామంది రచయితలు కథ చెప్పడం మొదలుపెడతారు. ‘ఇందులో మూడో అధ్యాయంలో ఆమె అసలు ఎవరన్నది ఉంటుంది చూడండీ...’ అని ఆరంభించగానే ఆపించాలి. తెలుసుకోవలసినవి కొన్నే. ఇది ఏ తరహా పుస్తకం, ఎవరు చదవాలని రాశారు, ఎన్నో చిత్తుప్రతి, ఎప్పటికి చెప్పాలి. అంతే చాలు. ప్రత్యేకంగా అడగాలనుకున్న ప్రశ్నలుంటే కవరులో పెట్టి ఇవ్వమనాలి, లేదా వేరే ఫైలుగా పంపమనాలి. వాటిని చదవడం పూర్తయ్యాకే విప్పాలి. ‘రవి పాత్ర మీద జాలి కలిగిందా?’ అని ముందే అడిగితే, పాఠకులు రవి కనబడిన ప్రతిచోటా తమలో జాలి కోసం వెతుక్కుంటారు.

ఎవరి కోసం రాశారన్న ప్రశ్నకు జవాబు వినగానే, తాము ఆ కోవలోకి వస్తారో లేదో కూడా నిజాయితీగా చెప్పాలి. 1936లో టోల్కీన్ రాసిన ‘ది హాబిట్’ రాతప్రతి లండన్‌లోని ప్రచురణకర్త స్టాన్లీ అన్విన్ దగ్గరికి వచ్చినప్పుడు, ఆయన దాన్ని పదేళ్ళ తన కొడుకు రేనర్‌కు ఇచ్చి చదివించాడు. అభిప్రాయం రాసి ఇచ్చినందుకు ఆ పిల్లవాడికి ముట్టింది ఒక షిల్లింగు. పిల్లల పుస్తకం నచ్చుతుందో లేదో పిల్లవాడే చెప్పగలడన్నది అన్విన్ నమ్మకం. మరుసటి ఏడు సెప్టెంబరులో పుస్తకం వచ్చింది. దెయ్యాల కథలంటే మొదటినుంచీ గిట్టని మనిషి దెయ్యాల నవలకు బీటా రీడరుగా కూర్చుంటే, ఆ ప్రతికి తగలాల్సిన దెబ్బలు కాక తగలకూడనివి తగులుతాయి.

తెలుగులో ఫైలు సంగతి కూడా ముందే చూసుకోవాలి. అను ఫాంట్లలో కూర్చిన ఫైలును ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో తెరిస్తే ఒక్క అక్షరమూ చదవరాదు. యూనికోడ్ ఫైలో, పేజీలు కదలని పీడీఎఫ్ ప్రతో అడగడం మంచిది. పీడీఎఫ్‌లో ఇంకో లాభం ఉంది. రచయిత చూసే నలభై ఏడో పేజీ, పాఠకులు చూసే నలభై ఏడో పేజీ ఒకటే అవుతుంది. గూగుల్ డాక్స్‌లో ఒకే ప్రతిని నలుగురికి పంపితే మాత్రం చిక్కే. మొదట చదివినవారు పక్కన రాసిన వ్యాఖ్య మిగిలిన ముగ్గురి కళ్ళలో పడుతుంది. ‘ఇక్కడ బోరు’ అన్న మాట చూశాక ఆ పేరా ఎవరికైనా బోరుగానే కనిపిస్తుంది. ఎవరి ప్రతి వారికి విడిగా ఉండాలి. కాగితం మీద చదివే అలవాటున్నవారు ఒకవైపే ముద్రించి, అంచు వెడల్పుగా వదిలిన ప్రతి అడగవచ్చు.

ఇక చదవడం. కొనుక్కున్న పుస్తకాన్ని ఎలా చదువుతారో అలాగే చదవాలి. అదే వేగం, అదే కుర్చీ, అదే బస్సు ప్రయాణం. పరీక్ష పేపరు దిద్దేవారిలా ఎర్రకలం పట్టుకుని కూర్చుంటే మొదటి పేజీ నుంచే తప్పులు కనబడతాయి, కథ కనబడదు. చాలామంది తెలుగు పాఠకులు ఇక్కడే దారి తప్పుతారు. ఒత్తులు, పొల్లులు, ‘ళ’కు బదులు ‘ల’ పడిన చోట్లు దిద్దుకుంటూ పోతారు. మూడు వందల దిద్దుబాట్లతో ప్రతి తిరిగి వస్తుంది, నవల ఎలా ఉందో మాత్రం ఎవరూ చెప్పరు. పైగా రచయిత ఆ అధ్యాయమే తీసేయవచ్చు. అప్పుడు ఆ దిద్దుబాట్లన్నీ వృథా. అక్షరదోషాలు చివరి ప్రతికి, ప్రూఫ్‌రీడర్లకు వదిలిపెట్టాలి. కథను తారుమారు చేసే పొరపాటైతే గుర్తు పెట్టాల్సిందే. నాలుగో అధ్యాయంలో పద్మ అయిన మనిషి ఏడో అధ్యాయంలో పద్మజ అయితే అది అక్షరదోషం కాదు, పాఠకులకు కొత్త మనిషి.

మాండలికం విషయంలో మరింత జాగ్రత్త కావాలి. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు చిత్తూరు జిల్లా పల్లె మాటల్లో ‘పచ్చ నాకు సాక్షిగా’ రాశారు. పాకాల యశోదారెడ్డి తెలంగాణ ఇళ్ళలోని పలుకుబడిని కథల్లోకి తెచ్చారు. ఆ ప్రతులు గుంటూరులోనో రాజమండ్రిలోనో ఒక పాఠకుడి చేతిలో పడి, ఆయన వాటిని ‘సరైన’ తెలుగులోకి దిద్ది పంపి ఉంటే పోయేదేమిటో ఊహించవచ్చు. తెలియని మాట వచ్చినప్పుడు చూడాల్సింది అది తప్పా ఒప్పా అని కాదు. వాక్యం అందిందా, ఆ మాట తెలియకపోయినా సందర్భం బట్టి పట్టుబడిందా, లేక అక్కడ ఆగిపోయారా? ఆగిపోతే ఆ మాట కింద చిన్న గీత చాలు.

చదువుతూ ఏం గుర్తు పెట్టాలన్నదానికి అమెరికన్ రచయిత ఆర్సన్ స్కాట్ కార్డ్ ఒక తేలిక పద్ధతి చెప్పారు. ఆయన ప్రతులకు తొలి పాఠకురాలు ఆయన భార్య. సాహిత్య పరిభాషేదీ అక్కర్లేకుండా, మూడు రకాల చోట్లు మాత్రం గుర్తు పెట్టమని ఆమెను కోరేవారట. ‘అయితే ఏంటి?’ అనిపించిన చోటు, ‘ఇది నమ్మేదేనా?’ అనిపించిన చోటు, ‘ఏం జరుగుతోందసలు?’ అనిపించిన చోటు. విసుగు, అపనమ్మకం, అయోమయం అన్నమాట. వీటికి నాలుగోదిగా ‘బాగుంది’ని కూడా చేర్చుకునేవారున్నారు. చేర్చుకోవాలి కూడా. ఏది బాగుందో తెలియని రచయిత తిరగరాసేటప్పుడు దాన్నే కొట్టేసే ప్రమాదం ఉంది.

తెలుగు పాఠకులు అంచులో నాలుగు అక్షరాలు వాడుకోవచ్చు. విసుగుకు ‘వి’, నమ్మలేకపోతే ‘న’, అర్థం కాకపోతే ‘అ’, బాగుంటే ‘బా’. అక్షరం పెట్టి ముందుకు సాగిపోవాలి. కారణం తట్టితే నాలుగు మాటలు, తట్టకపోతే ఉత్త అక్షరమే. అక్కడే ఆగి విశ్లేషణ మొదలుపెడితే చదవడం తెగిపోతుంది, తర్వాతి పేజీ కలిగించాల్సిన అనుభూతి పాడవుతుంది.

ఇది ఎలా పనిచేస్తుందో చూడటానికి ఒక నవలను ఊహించుకుందాం. రెండు వందల ఇరవై పేజీల రాతప్రతి. తెనాలి పక్క పల్లెలో తండ్రి పోతే పెద్దకూతురు సుజాత దినకర్మలకు వస్తుంది. తమ్ముడు రవి ఇల్లు, పొలం అమ్మేద్దామంటాడు. ఆమెకు ఇష్టం లేదు. తండ్రి ట్రంకుపెట్టెలో ఒక పాత ప్రాంసరీ నోటు నకలు బయటపడుతుంది. 1998లో రాసింది. అప్పు ఇచ్చినది వరలక్ష్మి అనే, ఇంట్లో ఎవరూ ఎరగని మనిషి. కథ నడిచేది 2019లో.

ఆరో పేజీలో పాఠకురాలు మొదటి ‘అ’ పెట్టింది. పదకొండో రోజున ఇంటినిండా బంధువులు. సుజాత ఒకరిని బాబాయ్ అని పిలిచింది, రవి చిన్నాన్నా అన్నాడు, రచయిత కథనంలో సాంబశివరావు అని రాశాడు. ముగ్గురు మనుషులనుకుని చదివిన పాఠకురాలికి తొమ్మిదో పేజీలో ఒక్కరేనని తెలిసింది. ఆమె వెనక్కి తిప్పి చూసి మరీ తేల్చుకుంది. ‘ముగ్గురనుకున్నాను, వెనక్కి వెళ్ళాను’ అని రాసింది. వెనక్కి తిప్పడం తప్పేమీ కాదు, తిప్పిన సంగతి రాయకపోవడమే తప్పు. పుస్తకం కొన్నవారు తిప్పుతారో పక్కన పెట్టేస్తారో రచయితకు ముందే తెలియాలి కదా.

ముప్పై ఒకటో పేజీలో ‘వి’. సుజాత చిన్ననాటి మామిడితోట వర్ణన నాలుగు పేజీలు నడిచింది. రెండో పేజీలో పాఠకురాలు ఫోను చూసుకుంది. నలభై ఏడో పేజీలో తల్లి ఎవరితోనూ మాట్లాడకుండా తండ్రి పంచెలు మడతపెడుతూ కూర్చుంటుంది. అక్కడ ‘బా’ పెట్టి, ‘ఇక్కడ ఆగి మళ్ళీ చదివాను’ అని రాసింది. యాభై ఎనిమిదో పేజీలో నోటు దొరకగానే అంచులో ఒక ఊహ: ‘వరలక్ష్మి ఆయన రెండో భార్య అనుకుంటా.’

ఈ ఊహలు రాసిపెట్టడం చాలామందికి తోచదు కానీ రచయితకు వీటి విలువ చాలా ఎక్కువ. నూట ఎనభయ్యో పేజీలో వరలక్ష్మి సుజాత కాలేజీ ఫీజుకు డబ్బిచ్చిన టీచరని తేలుతుంది. పాఠకులు రెండో భార్య అనుకోవాలనే రచయిత దారి తప్పిస్తూ వచ్చుంటే ఆయన ఎత్తు పారింది. అలా అనుకోవాలన్న ఉద్దేశమే ఆయనకు లేకపోతే నూట ఇరవై పేజీల పాటు పాఠకులు మరో నవల చదివినట్టే. నలుగురిలో ముగ్గురు పాఠకులు యాభై ఎనిమిదో పేజీలోనే టీచరని కనిపెట్టేస్తే రహస్యం నిలబడలేదు. పుస్తకం మూసేశాక మాత్రం ఏ పాఠకులూ అప్పుడేమనుకున్నారో సరిగా చెప్పలేరు. ముగింపు తెలిశాక ‘నాకు ముందే అనుమానం వచ్చింది’ అని నిజాయితీగానే నమ్ముతారు. అందుకే ఊహను ఆ క్షణంలోనే రాయాలి. అధ్యాయం ముగిసిన ప్రతిసారీ ‘ఇప్పుడేం జరుగుతుందనుకుంటున్నాను, ఎవరి పక్షాన ఉన్నాను’ అని ఒక్క వాక్యం రాసుకుంటే చాలు.

నూట పన్నెండో పేజీలో ‘న’. తెనాలిలోని ప్లీడరు ఆ నోటు చూసి, వరలక్ష్మి కోర్టుకెక్కితే పొలం పోతుందని అంటాడు. కానీ అడిగినప్పుడు తీరుస్తానని రాసిన ప్రాంసరీ నోటు మీద దావాకు గడువు రాసిన తేదీ నుంచి మూడేళ్ళే. మధ్యలో కొంత చెల్లించి సంతకం పెట్టడమో, అప్పు ఒప్పుకుంటూ రాసివ్వడమో జరిగితే తప్ప ఇరవయ్యొక్కేళ్ళ నాటి కాగితానికి కోర్టులో బలం ఉండదు. పల్లెల్లో అప్పు ఇచ్చి పుచ్చుకున్న ఎవరికైనా తెలిసిన సంగతిది. పాఠకురాలు ఇలా రాసింది: ‘నోటుకు మూడేళ్ళే గడువని నాకు తెలుసు, అందుకే ప్లీడరు మాట నమ్మలేదు. ఇక్కణ్ణుంచి పొలం పోతుందన్న భయం నాకు కలగలేదు.’

ఈ రెండో వాక్యం చూడండి. వాస్తవం తప్పని చెప్పి ఊరుకుంటే రచయిత ఏదో ఒక తేదీ మార్చి సరిపెట్టవచ్చు. ఆ తప్పు వల్ల కథలో ఏం పోయిందో చెప్పినప్పుడు ఆయన అసలు పని చూడగలడు. తనకు ఖాయంగా తెలుసో, ఉత్త అనుమానమో కూడా పాఠకురాలు చెప్పాలి. బ్యాంకులో పనిచేసేవారి మాటకు, ఎక్కడో విన్నవారి మాటకు తేడా ఉంటుంది. చేయకూడనిది ఒకటుంది. ‘నోటుకు బదులు తాకట్టు దస్తావేజు పెట్టండి’ అని రాయకూడదు. పెట్టాలో, ప్లీడరునే మోసగాడిగా మార్చాలో, చట్టబలం లేకపోయినా తండ్రి మాట నిలబెట్టాలన్న పంతంగా సుజాత కథను మలచాలో రచయిత ఇష్టం. మూడోదైతే ఇంకా మంచి నవల కావచ్చు, తాకట్టు సలహా దానికి అడ్డం పడి ఉండేది.

నూట నలభయ్యో పేజీ దగ్గర ప్రతి మూతపడింది. పాఠకురాలు అక్కడ తారీఖు వేసి, ‘నిద్ర వచ్చింది. నాలుగు రోజులదాకా మళ్ళీ తీయలేదు, తీయాలనీ అనిపించలేదు’ అని తర్వాత చేర్చింది. చదవడం ఎక్కడ ఆపారు, ఎందుకు ఆపారు, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టారు అన్న ఈ లెక్క ఎంత పొగడ్తకన్నా, ఎంత విమర్శకన్నా ఎక్కువ చెబుతుంది. వంట పొంగి లేచి వెళ్ళడం వేరు, వెళ్ళడానికి వంక దొరికిందని లేవడం వేరు. ఏది ఏదో పాఠకులకే తెలుసు.

చదవడం పూర్తయిన రోజే, ప్రతి తెరవకుండా, కథను పది పదిహేను వాక్యాల్లో జ్ఞాపకం మీద రాయాలి. గుర్తున్న పేర్లు రాయాలి. పేరు గుర్తులేని పాత్రను ‘ఆ లావుపాటి మేనత్త’ అనే రాయాలి, వెతికి పేరు పట్టుకోకూడదు. ఏది మిగిలిందో, ఏది జారిపోయిందో రచయితకు చూపించేది ఈ కాగితమే. ఎంతో కష్టపడి రాసిన ఒక అధ్యాయం అందులో మాటైనా లేకుండా పోయిందంటే ఆయన ఆలోచించుకోవాల్సిన విషయమే.

ఆ మనసులోని బొమ్మకూ కాగితం మీది మాటకూ ఎంత దూరం ఉంటుందో చెప్పే సంగతి ఒకటి ఫిట్జ్‌జెరాల్డ్ జీవితంలోనే ఉంది. హెమింగ్వేకు ఉత్తరం రాయడానికి ఏడాదిన్నర ముందు అలాంటి ఉత్తరాన్ని తానే అందుకున్నాడు. 1924 నవంబరు 20న ‘ది గ్రేట్ గాట్స్‌బీ’ రాతప్రతి చదివి మాక్స్‌వెల్ పెర్కిన్స్ రాసినది. పెర్కిన్స్ వృత్తిరీత్యా సంపాదకుడే అయినా ఆ ఉత్తరంలో తొలి పాఠకుడి మాటే వినిపిస్తుంది. టామ్ బుకానన్ వీధిలో ఎదురైతే గుర్తుపట్టేస్తానని, గాట్స్‌బీ మాత్రం కళ్ళకు ఆనడం లేదని చెప్పాడు. గాట్స్‌బీ వయసు గురించి ప్రతిలో స్పష్టంగానే ఉంది, కథ చెప్పే నిక్ కంటే కాస్త పెద్దవాడంతే. అయినా తన భార్య లూయీజ్‌కు, సంస్థ యజమాని స్క్రిబ్నర్‌కు కూడా అతను బాగా పెద్ద వయసువాడిగా తోచాడని పెర్కిన్స్ రాశాడు. అతని డబ్బు ఎక్కడిదో పాఠకులకు అంతుచిక్కడం లేదనీ చెప్పాడు.

‘వయసు రాశాను కదా, సరిగా చదవలేదా?’ అని ఫిట్జ్‌జెరాల్డ్ అనవచ్చు. అనలేదు. గాట్స్‌బీ ఎలా ఉంటాడో, ఏ వ్యాపారంలో ఉన్నాడో తనకే తెలియదని జవాబులో ఒప్పుకున్నాడు. రోమ్‌లో కూర్చుని ప్రూఫుల మీదే నవలను తిరగరాశాడు. గాట్స్‌బీ గతాన్ని ఒకేచోట కుప్పపోయకుండా ముందు అధ్యాయాల్లోకి పంచాడు. 1925 ఏప్రిల్ 10న పుస్తకం వచ్చింది. బీటా రీడర్లు దీనిలో పట్టుకోవలసింది ఒకటే. ప్రతిలో ఉన్నదానికి విరుద్ధంగా తమకు తోచినా, తోచింది తోచినట్టే చెప్పాలి. సరిగ్గా చదవలేదేమోనన్న మొహమాటంతో వెనక్కి వెళ్ళి సరిచూసుకుని, ఆ మాట కొట్టేయకూడదు.

రెండుమూడు రోజులు గడిచాక ప్రతిని మళ్ళీ తీయవచ్చు. ఇప్పుడు కారణాల వేట. అనుభవం లేనివారు విసుగు పుట్టిన పేజీలోనే లోపం వెతుకుతారు. చాలాసార్లు లోపం అంతకుముందే ఎక్కడో ఉంటుంది. మన ఊహా నవలనే తీసుకుంటే, నూట నలభయ్యో పేజీలో రాత ఏమీ తగ్గలేదు, సంభాషణలు చురుగ్గానే ఉన్నాయి. పాఠకురాలు వెనక్కి నడుచుకుంటూ వెళితే తొంభై ఆరో పేజీలో దొరికింది. అక్కడ రవి ఉన్నట్టుండి ‘సరే అక్కా, అమ్మొద్దులే’ అంటాడు. నోటు భయం ఎలాగూ నమ్మబుద్ధి కాలేదు. ఇక తేలాల్సిందేముంది? ఇల్లు పోదు, పొలం పోదు. ఆ తర్వాతి నలభై నాలుగు పేజీలు కుతూహలాన్ని నిలబెట్టే దిక్కు లేక సాగాయి. ఈ కారణాన్ని కూడా ఊహగానే చెప్పాలి, ‘నాకు ఇందువల్ల అనిపిస్తోంది’ అని. లక్షణం మాత్రం గట్టిగా చెప్పాలి, అది తన అనుభవం కాబట్టి.

రచయితకు పంపే నివేదిక రెండు మూడు పేజీలకు మించనక్కర్లేదు, అంచు రాతల ప్రతి ఎలాగూ వెంట వెళుతుంది. ‘శైలి అద్భుతం, పాత్రచిత్రణ ఇంకా బలంగా ఉండాల్సింది’ అన్న వాక్యం ఏ నవలకైనా అతుకుతుంది, అందుకే ఏ నవలకూ పనికిరాదు. పేజీ సంఖ్య లేని మాట రాయకూడదని నియమం పెట్టుకుంటే ఇలాంటి వాక్యాలు వాటంతటవే రాలిపోతాయి. బాగున్నవాటితో మొదలుపెట్టడం మర్యాద కోసం మాత్రమే కాదు. పంచెలు మడతపెట్టే తల్లి దగ్గర పాఠకురాలు ఆగిపోయిందంటే, మామిడితోట నాలుగు పేజీల్లో చేయలేనిది ఆ సగం పేజీ చేసిందని రచయిత పోల్చి చూసుకోగలడు.

తెలుగునాట ఈ పనికి పెద్ద అడ్డంకి మొహమాటం. రచయిత తెలిసినవారై ఉంటారు, వయసులో పెద్దవారై ఉంటారు, చదువుతుండగానే ఫోను వస్తుంది. ‘ఎక్కడిదాకా వచ్చారండీ? నచ్చిందా?’ అని అడుగుతారు. ‘పూర్తయ్యాక అన్నీ కలిపి రాసిస్తానండీ’ అన్నదే సరైన జవాబు. మధ్యలో ఒక్క మాట దొర్లినా రచయిత వివరణ మొదలవుతుంది, ఆ వివరణ విన్నాక మిగిలిన పేజీలు తొలి పఠనం కావు. ఒకప్పుడు ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక లాంటి వారపత్రికల్లో నవలలు ధారావాహికలుగా వచ్చినప్పుడు పాఠకుల ఉత్తరాలు వారం వారం వచ్చేవి. కథ ఇంకా సాగుతుండగానే జనం ఏమనుకుంటున్నారో రచయితకు తెలిసేది. ఇప్పుడు నవల నేరుగా పుస్తకంగా వస్తోంది. అచ్చయ్యాక వచ్చే అభిప్రాయం ఆ పుస్తకాన్ని దిద్దలేదు.

ఒక్కరి మాటే వేదం కాదన్నది కూడా పాఠకులు గుర్తుంచుకోవాలి. స్టీఫెన్ కింగ్ 2000లో వచ్చిన ‘ఆన్ రైటింగ్’లో తన పద్ధతి చెప్పారు. ప్రతిని కొద్దిమందికి పంపుతారు. అందరూ ఒకేచోట తట్టుకుంటే అక్కడ లోపం ఉన్నట్టే. కొందరు బాగుందని, కొందరు బాగాలేదని సమానంగా చీలిపోతే రచయిత తన ఇష్టప్రకారం చేసుకోవచ్చు. కాబట్టి తమ మాట పాటించలేదని బీటా రీడర్లు నొచ్చుకోనక్కర్లేదు, ‘నేను చెప్పినా వినలేదు’ అని పదిమందిలో అనకూడదు. రాతప్రతి గురించి, దానిలోని కథ గురించి పుస్తకం వచ్చేదాకా బయట మాట్లాడకూడదు, ఫైలు ఇంకొకరికి పంపకూడదు. తిరగరాసిన ప్రతిని మళ్ళీ చదవమని అడిగితే, తాము ఇప్పుడు కథ తెలిసిన పాఠకులమని, కొత్త కళ్ళు కూడా కావాలని చెప్పడం న్యాయం.

ప్రతిని పూర్తి చేయలేకపోయే సందర్భాలూ వస్తాయి. అప్పుడు చాలామంది మొహం చాటేస్తారు, లేదా చివరి అధ్యాయం తిరగేసి ‘బాగుందండీ’ అంటారు. దయచేసి ఆ రెండూ చేయకండి. ఏ పేజీలో ఆపేశారో, ఆపేటప్పుడు ఏమనిపించిందో రెండు వాక్యాలు రాసి పంపండి. రచయిత తిరగరాయడం మొదలుపెట్టవలసిన చోటు బహుశా ఆ పేజీకి కొంచెం ముందే ఉంటుంది.